అర్ధరాత్రి కాళ్ళు కట్టేసి తెచ్చిన మనిషి: సూది వెయ్యడానికి ముందు, వేసిన తర్వాత

రాత్రి ఒంటిగంటన్నరకి ఒంగోల్లో మా క్యాజువాలిటీ ముందు ఆటో ఆగింది. లోపల ఒకాయన్ని ఇద్దరు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. కుడి చేతికి పిండికట్టు ఉంది, రెండు కాళ్ళూ తువ్వాలుతో కట్టేసి ఉన్నాయి, ఒంటి మీద చొక్కా లేదు, చెమట కారిపోతోంది. 46 ఏళ్ళు, చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో లోడింగ్ పని. భార్య ఏడుస్తూ వెనకే దిగింది. "ఏందో పట్టింది మేడం ఈయనకి, సాయంత్రం నుంచి గోడ మీద పాములు పోతున్నాయంటాడు, వాకిట్లో ఎవరో కత్తులు పట్టుకుని నిలబడుండారంటాడు. తెల్లారాక ఏఎస్ పేట దర్గాకి తీసుకుపోదామనుకున్నాం, ఇంతలో నా తమ్ముడి మీద రోకలి ఎత్తాడు" అంది.

ఇలాంటి పేషెంట్ లోపలికి రాగానే అక్కడున్న అందరి నోటా ఒకే మాట వస్తుంది, "మేడం, ముందు ఒక సూది వేసేయండి". బంధువులు అంటారు, సెక్యూరిటీ అంటాడు, పక్క మంచం పేషెంట్ అటెండర్లు కూడా అంటారు. వాళ్ళ తప్పు లేదు, అందరికీ భయం. కానీ ఆ సూది ఏది, ఎంత, ఎప్పుడు అనేది ఈ మనిషి ఎందుకు అరుస్తున్నాడో తెలిస్తేనే తేలుతుంది. అరుపు ఒకటే. దాని వెనక చక్కెర పడిపోవడం ఉండొచ్చు, మెదడులో రక్తం గడ్డ ఉండొచ్చు, మెదడుకి పట్టిన జ్వరం ఉండొచ్చు, తాగుడు ఒక్కసారిగా ఆపడం ఉండొచ్చు, మానసిక జబ్బు ఉండొచ్చు. ఒక కారణానికి ప్రాణం పోసే సూది ఇంకో కారణంలో అసలు జబ్బుని కప్పేస్తుంది. అందుకే ఈ ఒక్క కేసుని మొదటి నుంచి చివరి దాకా చెప్తాను, మధ్యలో వేరే ఇద్దరు ముగ్గురి సంగతి కూడా వస్తుంది.

మంచం దగ్గరికి వెళ్ళకముందే, తలుపు దగ్గర నిలబడి అర నిమిషం చూస్తే చాలా తెలుస్తుంది. ఆయన చూపు ఎవరి మీదా నిలవడం లేదు. గాల్లో ఏదో తోలుతున్నట్టు, దుప్పటి మీద నుంచి ఏదో ఏరి పారేస్తున్నట్టు ఎడమ చెయ్యి ఆడిస్తున్నాడు. ఆ చెయ్యి వణుకుతోంది. కోపంతో ఊగిపోయే మనిషి ఎవరో ఒకరిని చూసి తిడతాడు, ఈయన ఎవరినీ చూడటం లేదు. ఇది నాకు ఇచ్చిన మొదటి అనుమానం, ఇది మనసు జబ్బు కంటే ఒంటి జబ్బు లాగా ఉంది అని. వైద్యంలో దీన్ని డెలీరియం అంటాం. అంటే ఒంట్లో ఎక్కడో తేడా వచ్చి, మెదడు తాత్కాలికంగా దారి తప్పడం.

డెలీరియాన్నీ, స్కిజోఫ్రెనియా లాంటి మానసిక జబ్బునీ వేరు చెయ్యడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. 40 దాటాక, ముందెప్పుడూ మానసిక సమస్య లేని మనిషికి, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో ఇలా మొదలైతే వేరే కారణం రుజువయ్యే దాకా ఒంటి జబ్బు అనే అనుకోవాలి. మాటలు వినపడటం మానసిక జబ్బుల్లో ఎక్కువ, పాములు పురుగులు కళ్ళకి కనపడటం డెలీరియంలో ఎక్కువ. డెలీరియంలో కాసేపు తెలివిగా మాట్లాడి మళ్ళీ పది నిమిషాలకి మనుషుల్ని గుర్తుపట్టరు, రాత్రి అయ్యేకొద్దీ ముదురుతుంది. ఇంకో చిన్న పరీక్ష ఉంది, వారాల పేర్లు వెనక్కి చెప్పమనడం. మానసిక జబ్బున్న కుర్రాడు ఎంత కోపంగా ఉన్నా, చెప్పడానికి ఒప్పుకుంటే చాలాసార్లు చెప్పేస్తాడు. డెలీరియంలో ఉన్నవాళ్ళు శనివారం, శుక్రవారం అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు, ధ్యాస నిలవదు. ఈయన్ని అడిగితే "శనివారం" అని, పైన ఫ్యాన్ వైపు చూసి, "అది దిగతా ఉంది" అన్నాడు.

ఇక చెయ్యి వెయ్యాలి. ఎంత గొడవ చేస్తున్నా మొదటి ఐదు పది నిమిషాల్లో తెలియాల్సినవి ఐదు: వేలి చివర చక్కెర, వేలికి క్లిప్ పెట్టి ఆక్సిజన్, నాడి, బీపీ, జ్వరం. వీటిలో చక్కెర అన్నిటికంటే ముందు. ఎందుకంటే అది పడిపోతే మనిషి తాగినవాడిలా, పిచ్చి పట్టినవాడిలా ప్రవర్తిస్తాడు, ఎక్కువసేపు అలాగే ఉంటే మెదడు దెబ్బతింటుంది, మందేమో ప్రతి ఆసుపత్రిలో ఉండే గ్లూకోజ్. చక్కెర చూడకుండా మత్తు సూది వేస్తే మనిషి నిశ్శబ్దంగా పడుకుంటాడు, అందరూ తగ్గిందనుకుంటారు, లోపల మెదడు ఆకలితో మాడుతుంటుంది. షుగర్ బిళ్ళలు వేసుకుని అన్నం మానేసిన పెద్దవాళ్ళలో ఇది నేను చాలాసార్లు చూశాను.

ఈయన చక్కెర 58 వచ్చింది. నాడి 132, బీపీ 170/100, జ్వరం 100.8, ఆక్సిజన్ 97. సిస్టర్ మొహంలో ఊరట కనపడింది, "మేడం, లో షుగర్" అంది. నిజమే, 70 కంటే తక్కువ ఉంటే తక్కువే. కానీ ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఒక కారణం దొరికింది కదా అని. వణుకు, చెమట, నాడి పరుగు చక్కెర తగ్గినా వస్తాయి, కానీ జ్వరం సంగతేంటి, సాయంత్రం నుంచి పాములేంటి? రెండు రోజులుగా సరిగ్గా తినలేదని భార్య చెప్పింది కాబట్టి చక్కెర పడిపోవడం అర్థమవుతోంది, అయితే తిండి ఎందుకు మానేశాడు?

గ్లూకోజ్ ఎక్కించాలన్నా నరం దొరకాలి, నరం దొరకాలంటే ఆయన చెయ్యి ఇవ్వాలి. అందుకని మాటలతో పని మొదలైంది. మాట్లాడి శాంతపరచడాన్ని మంచితనం అనుకుంటారు చాలామంది. కాదు, అదొక చికిత్స. దానికి పద్ధతి ఉంది, నేర్చుకోవాలి, తప్పుగా చేస్తే గొడవ పెరుగుతుంది కూడా. 2012లో అమెరికాలో ఎమర్జెన్సీ సైకియాట్రీ డాక్టర్లు ప్రాజెక్ట్ బీటా అని మార్గదర్శకాలు ఇచ్చారు, అందులో ఇది ఒక పెద్ద భాగం. దాన్ని మన క్యాజువాలిటీకి తగ్గట్టు ఎలా చేస్తామో చెప్తాను.

మొదట గదిలో జనాన్ని తగ్గించాలి. ఆ రాత్రి మంచం చుట్టూ తొమ్మిదిమంది ఉన్నారు, అందులో నలుగురు ఒకేసారి అరుస్తున్నారు. బావమరిది "ఏయ్ బావా, గమ్మునుండు, డాక్టరమ్మ వచ్చింది" అని గద్దిస్తున్నాడు. రోకలి ఎత్తింది అతని మీదే కాబట్టి అతన్ని బయట కూర్చోబెట్టాం. సెక్యూరిటీని కర్ర బయట పెట్టి, కనిపించేంత దూరంలో నిలబడమన్నాం. భార్యని ఉంచాం, ఎందుకంటే ఆయన మధ్య మధ్యలో పిలుస్తున్నది ఆమె పేరే. ట్యూబ్‌లైట్లలో ఒకటి ఆపాం, పైన ఫ్యాన్ నీడ గోడ మీద తిరుగుతుంటే అది ఆయనకి పాములా కనపడుతోందని అప్పుడు అర్థమైంది, దాన్నీ ఆపాం.

తర్వాత మాట్లాడేది ఒక్కరే. రెండు చేతులు చాచినంత దూరంలో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి తిరిగి, చేతులు కనపడేలా పెట్టి నిలబడాలి, ఆయనకీ నాకూ ఇద్దరికీ తలుపు దారి ఖాళీగా ఉండాలి. చిన్న చిన్న మాటలు చెప్పాలి, చెప్పి ఆగాలి. మెదడు గందరగోళంలో ఉన్నవాళ్ళకి ఒక మాట చేరడానికే టైం పడుతుంది, మనం ఆగకుండా ఐదు మాటలు చెప్తే అది ఇంకో గోల అవుతుంది తప్ప ఏమీ చేరదు.

"అన్నా, నేను డాక్టర్ని. ఇది ఆసుపత్రి. నీ భార్య ఇక్కడే ఉంది."

ఆయన గోడ వైపు చూపించి, "పాములమ్మా, కనపడటంలా నీకు?" అన్నాడు.

ఈ ప్రశ్నకి జవాబు చాలామంది తప్పు చెప్తారు. "పాములేం లేవు, ఊరుకో" అంటే మనం శత్రువులం అయిపోతాం. "అవునన్నా ఉన్నాయి, నేను చంపేస్తాలే" అంటే ఆ క్షణానికి పని జరుగుతుంది గానీ ఆయన భయం రెట్టింపవుతుంది, డాక్టర్‌కి కూడా కనపడుతున్నాయంటే నిజంగానే ఉన్నట్టు కదా. నేను అన్నది ఇది: "నాకు కనపడటం లేదన్నా. నీకు కనపడుతున్నాయి, దానికి నీకు ఎంత భయంగా ఉందో నాకు తెలుస్తోంది. ఈ గదిలో నిన్ను ఎవరూ ఏమీ చెయ్యరు." కనపడేదాని గురించి వాదం పెట్టుకోకుండా భయాన్ని ఒప్పుకోవడం, అంతే. తర్వాత నిజంగా ఇవ్వగలిగినవే రెండు దారులు ఇచ్చాం, "నీళ్ళు తాగుతావా అన్నా, ముందు పడుకుంటావా?" నీళ్ళు అన్నాడు. గ్లాసు పెదాల దగ్గరికి తెచ్చుకోలేకపోయాడు, అంత వణుకు. భార్య తాగించింది.

హద్దు కూడా చెప్పాలి, బెదిరింపులా కాదు. "కొడితే కట్టేస్తాం" అనేది బెదిరింపు. "ఇక్కడ ఎవరికీ దెబ్బ తగలకూడదు, నీకూ తగలకూడదు, అందుకని ఈ చెయ్యి నేను చెప్పేదాకా కదిలించకు" అనేది హద్దు. సరిగ్గా చేస్తే చాలామందిలో ఐదు పది నిమిషాల్లో తేడా కనపడుతుంది. ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి, డెలీరియం ముదిరినవాళ్ళలో మాటల బలం ఎక్కువసేపు నిలవదు. మీరు చెప్పింది రెండు నిమిషాల్లో చెరిగిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. ఆ రాత్రి మా మాటలు ఆయన్ని బాగు చెయ్యలేదు, కానీ నరం దొరికే నాలుగు నిమిషాలు ఇచ్చాయి.

ఎడమ చేతికి నరం పెట్టేటప్పుడు ఇద్దరు ఆ చేతిని మోచేయి దగ్గర, మణికట్టు దగ్గర పట్టుకున్నారు, నేను తల దగ్గర నిలబడి మాట్లాడుతూనే ఉన్నాను. 25 శాతం గ్లూకోజ్ 100 మిల్లీలీటర్లు ఇచ్చాం, అంటే 25 గ్రాముల చక్కెర. దాంతో పాటే థయమిన్ ఇంజెక్షన్ 200 మిల్లీగ్రాములు. థయమిన్ అంటే బి1 విటమిన్, మెదడు చక్కెరని వాడుకోవాలంటే అది కావాలి. తిండి సరిగ్గా లేక, తాగుడు ఉన్న ఒంట్లో అది అడుగంటి ఉంటుంది, అలాంటి మనిషికి ఉత్త గ్లూకోజ్ పోస్తూ పోతే మెదడుకి ఇంకో దెబ్బ తగలొచ్చు. అయితే థయమిన్ దొరకలేదని గ్లూకోజ్ ఆపకూడదు, చక్కెర 58 ఉన్నప్పుడు గ్లూకోజే ముందు.

పావుగంట తర్వాత చక్కెర 146. ఆయన మాత్రం అలాగే ఉన్నాడు. కాబట్టి చక్కెర ఒక్కటే కారణం కాదని అక్కడ తేలిపోయింది.

అప్పుడు భార్యని పక్కకి తీసుకెళ్ళి అడిగాను. తాగుతాడా అంటే "ఎప్పుడన్నా మేడం" అంది. ఈ జవాబు దాదాపు ప్రతి ఇంట్లో వస్తుంది, పరువు సంగతి కదా. అందుకని నేను తాగుతాడా లేదా అని ఆగిపోను, "రోజుకి క్వార్టరా, రెండా?" అని అడుగుతాను. తాగడం తప్పు అన్నట్టు కాకుండా లెక్క మాత్రమే అడుగుతున్నట్టు ఉంటే నిజం వస్తుంది. "రెండు" అంది. పొద్దున్నే తాగకపోతే చేతులు వణుకుతాయా? "వణుకుతాయి మేడం, టీ గ్లాసు పట్టుకోలేడు." ఆఖరుసారి ఎప్పుడు తాగాడు? ఆదివారం మధ్యాహ్నం. ఆ సాయంత్రమే బండి మీద నుంచి పడ్డాడు, ఒక ఆసుపత్రిలో చేతికి కట్టు కట్టి ఇంటికి పంపారు, అప్పటి నుంచి గడప దాటలేదు. సోమవారం చేతులు వణికాయి, మంగళవారం రాత్రంతా నిద్ర లేదు, బుధవారం సాయంత్రం పాములు. ఇప్పుడు గురువారం తెల్లవారుజాము. ఆఖరి గ్లాసుకీ ఇప్పటికీ దాదాపు 84 గంటలు.

రోజూ తాగే ఒళ్ళు మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ఒక వరసలో తిరగబడుతుంది. మొదటి రోజు వణుకు, చెమట, నిద్ర లేకపోవడం. 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావొచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం, దీన్నే డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మద్యం మెదడుని అణచి ఉంచుతుంది, మెదడు దానికి ఎదురు తోస్తూ తోస్తూ అలవాటు పడుతుంది, ఒకరోజు అణచే చెయ్యి తీసేస్తే ఆ తోపు అంతా ఒక్కసారి బయటికి వస్తుంది. నాడి, బీపీ, జ్వరం అన్నీ అందుకే పెరుగుతాయి. వైద్యం అందకపోతే ఇది ప్రాణం తీస్తుంది. భార్య చెప్పిన రోజుల లెక్క ఈ వరసకి అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

సరిపోయినా ఇంకో అనుమానం వదలకూడదు. బండి మీద నుంచి పడ్డాడు. ఏళ్ళ తరబడి తాగేవాళ్ళలో తల లోపల సన్న రక్తనాళాలు తెగి, రక్తం నెమ్మదిగా చేరి, రెండు మూడు రోజులకి మనిషి మారిపోవడం ఉంటుంది. తల తడిమితే ఎడమ చెవి వెనక వాపు తగిలింది. కంటిపాపలు రెండూ సమానంగా ఉన్నాయి, కాళ్ళూ చేతులూ అన్నీ ఆడుతున్నాయి, మెడ బిగుసుకోలేదు. అయినా తల సీటీ తియ్యాల్సిందే అని రాసుకున్నాం. కాకపోతే ఈ స్థితిలో మిషన్ మీద పడుకోబెట్టలేం, ముందు శాంతించాలి.

ఇప్పుడు సూది దగ్గరికి వచ్చాం. మన దగ్గర గొడవ చేసే పేషెంట్ అనగానే అలవాటుగా తీసేది సెరినేస్, ఫెనార్గన్. అంటే హలోపెరిడాల్, ప్రోమెథజీన్. ఈ పేషెంట్‌కి అది మొదటి మందు కాదు. హలోపెరిడాల్ మద్యం వదిలిన లోటుని పూడ్చదు, పైగా ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. ఇక్కడ పని చేసేది లోరాజెపామ్, డయాజెపామ్ లాంటి మందులు, అవి మద్యం మెదడులో ఎక్కడ పని చేసిందో అక్కడే పని చేస్తాయి, ఆ తీసేసిన చెయ్యిని మళ్ళీ మెల్లగా పెట్టినట్టు. నరంలో లోరాజెపామ్ 2 మిల్లీగ్రాములు నెమ్మదిగా ఇచ్చాం. పది నిమిషాలు చూశాం, ఇంకో 2. ఇంకో పావుగంటకి మూడో 2. ఒక్కసారే 6 ఇచ్చేస్తే త్వరగా అయిపోయేది కదా అంటారు, కానీ ఎవరి శ్వాస ఎక్కడ నెమ్మదిస్తుందో ముందు తెలియదు. మూడో డోసు తర్వాత కళ్ళు మూతపడ్డాయి, పేరు పెట్టి పిలిస్తే తెరిచాడు. మనకి కావాల్సింది అక్కడిదాకే. పిలిచినా లేవనంత నిద్ర మన లక్ష్యం కాదు, అది ప్రమాదం. కాళ్ళకి కట్టిన తువ్వాలు అప్పుడు విప్పేశాం, చీలమండల దగ్గర ఎర్రగా గీతలు పడి ఉన్నాయి.

ఇదే అరుపు, వేరే మనిషి, వేరే సూది. అదే నెలలో కావలి వైపు నుంచి 23 ఏళ్ళ కుర్రాడిని తెచ్చారు. మానసిక జబ్బుకి వాడుతున్న బిళ్ళలు రెండు నెలల కింద ఆపేశాడు. చక్కెర, నాడి, జ్వరం అన్నీ బాగున్నాయి, ఏ ఊళ్ళో ఉన్నాడో ఏ వారమో చెప్తున్నాడు, వారాలు వెనక్కి చెప్పమంటే తిట్టుకుంటూ అయినా చెప్పాడు. తనని చంపమని మామయ్య ఎవరికో చెప్తున్నట్టు గొంతు వినపడుతోందట. పన్నెండు నిమిషాలు మాట్లాడాక, "బిళ్ళ వేసుకుంటావా తమ్ముడూ, సూది కావాలా?" అంటే బిళ్ళ అన్నాడు. నాలుక మీద కరిగే ఒలాంజపిన్ 10 మిల్లీగ్రాములు సరిపోయింది. బిళ్ళకి ఒప్పుకునే మనిషికి సూది వెయ్యాల్సిన పని లేదు.

ఒప్పుకోకుండా, నిజంగా ఎవరినైనా గాయపరిచే స్థితి ఉంటే అప్పుడు కండకి హలోపెరిడాల్ 5 నుంచి 10 మిల్లీగ్రాములు, ప్రోమెథజీన్ 25 నుంచి 50, రెండూ కలిపి ఇస్తాం. మన నెల్లూరు వాళ్ళు వైద్యానికి వెళ్ళే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలోనే దీని మీద గట్టి పరిశోధన జరిగింది, 2004లో ప్రచురించారు. 200 మంది పేషెంట్లలో సగం మందికి ఈ జోడీ, సగం మందికి లోరాజెపామ్ 4 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. నాలుగు గంటలకి రెండు వైపులా దాదాపు అందరూ శాంతించారు, కానీ మొదటి అరగంటలో జోడీ త్వరగా పని చేసింది. మన వార్డుల్లాంటి వార్డులో, మన లాంటి జనం మీద తేల్చిన విషయం కాబట్టి నాకు దీని మీద నమ్మకం ఎక్కువ.

జోడీలో రెండోది ఎందుకు అనేది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. డ్యూటీ డాక్టర్‌గా చేరిన మొదటి ఏడాది, అప్పుడు పని చేసిన ఒక ఆసుపత్రిలో, ఫెనార్గన్ స్టాక్ లేదంటే ఒక కుర్రాడికి హలోపెరిడాల్ ఒక్కటే వేశాను. శాంతించాడు, నేను వేరే కేసులో పడ్డాను. పొద్దున్నే మెడ ఒక పక్కకి మెలి తిరిగిపోయి, కనుగుడ్లు పైకి పోయి, నాలుక బయటికి వచ్చి ఉన్నాడు. తల్లి గుండెలు బాదుకుంటోంది, పట్టింది పోలేదు, ఇప్పుడు మెడ విరుస్తోంది అని. అది ఆ మందు వల్ల కండరాలు బిగుసుకోవడం, డిస్టోనియా అంటారు. ప్రోమెథజీన్ 50 మిల్లీగ్రాములు వేస్తే అరగంటలోపే సర్దుకుంది. కానీ ఆ తల్లికి ఆసుపత్రి మీద పోయిన నమ్మకాన్ని నేను తిరిగి తేలేకపోయాను, ఆ సాయంత్రమే కొడుకుని తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత చదివితే తెలిసింది, బ్రెజిల్‌లో హలోపెరిడాల్ ఒక్కదాన్నీ, జోడీనీ పోల్చిన పరిశోధన 2007లో వచ్చింది, ఒంటరిగా ఇచ్చినవాళ్ళలో ఈ డిస్టోనియా ఎక్కువ రావడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు.

ఇంకో జాగ్రత్త, ఒలాంజపిన్ సూదీ లోరాజెపామ్ సూదీ వెంట వెంటనే వెయ్యకూడదు, బీపీ, శ్వాస రెండూ పడిపోవచ్చు. ముందు ఆసుపత్రిలో ఏం వేశారో చీటీ అడగండి, చీటీ లేకపోతే ఫోన్ చేసి కనుక్కోండి. రెండు చోట్ల రెండు సూదులు పడి శ్వాస ఆగేదాకా వచ్చిన కేసులు ఉన్నాయి.

పట్టుకోవడం తప్పనిసరైతే ఐదుగురు కావాలి. కాలికొకరు, చేతికొకరు, తల దగ్గర ఒకరు, తల దగ్గరున్నవాళ్ళే మాట్లాడాలి, శ్వాస చూడాలి. వెల్లకిలా, తల వైపు కొంచెం ఎత్తుగా. బోర్లా పడేసి వీపు మీద మోకాలు పెట్టడం ఎప్పుడూ వద్దు. ఊపిరి అందక మనిషి ఇంకా పెనుగులాడతాడు, మనం ఇంకా గట్టిగా అదుముతాం, ఒక్కసారిగా కదలడం ఆపేస్తాడు, శాంతించాడనుకుంటాం. కట్టినా మందు పని చేసేదాకే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం కట్టడం అనేది వెంటనే జరగబోయే హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడు మాత్రమే, శిక్షగా కాదు, సిబ్బంది తక్కువ ఉన్నారనీ కాదు, ఎందుకు కట్టారో రాసి పెట్టాలి. గొలుసులు పూర్తిగా నిషేధం. అదే చట్టంలోని 94వ సెక్షన్, ప్రాణాపాయం లాంటి అత్యవసరంలో రిజిస్టర్ అయిన ఏ డాక్టరైనా 72 గంటల వరకు చికిత్స ఇవ్వొచ్చంటుంది, పేషెంట్ నియమించుకున్న ప్రతినిధి అందుబాటులో ఉంటే వాళ్ళ సమ్మతితో. సైకియాట్రిస్ట్ లేరు కాబట్టి ముట్టుకోం అనే మాట అందుకే చెల్లదు.

ఈ పద్ధతిలో నిజంగా ఎక్కువ పొరపాట్లు జరిగేది సూది పడిన తర్వాతే. గది నిశ్శబ్దమవుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోతారు. మొదటి గంటలో ప్రతి 15 నిమిషాలకి శ్వాస ఎన్నిసార్లు, ఆక్సిజన్ ఎంత, నాడి, బీపీ, పిలిస్తే పలుకుతున్నాడా అనేది రాయాలి, వేలికి క్లిప్ తియ్యకూడదు. అంతకుముందు గొడవలో చెయ్యలేకపోయిన రక్త పరీక్షలు, ఈసీజీ ఇప్పుడే చెయ్యాలి. శాంతపరిచింది దానికోసమే.

పెద్ద వయసు వాళ్ళ విషయంలో ఇంకా ఆగాలి. కందుకూరు వైపు నుంచి వచ్చిన 78 ఏళ్ళ పెద్దాయన రాత్రంతా లేచి పరిగెత్తుతున్నాడని తెస్తే, పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే గట్టిగా బంతిలా ఉంది. మూత్రం ఆగిపోయింది. గొట్టం వేస్తే లీటరుకి పైగా వచ్చింది, అరగంటకి నిద్రపోయాడు. ఒక్క మత్తు సూది పడలేదు. అలాగే ఒళ్ళు పొడిగా, ఎర్రగా, వేడిగా ఉండి కంటిపాపలు పెద్దవైతే ఉమ్మెత్త గింజలో, పురుగుమందు తాగిన పేషెంట్‌కి ఇచ్చే అట్రోపిన్ ఎక్కువవడమో అనుకోవాలి, వాళ్ళకి ప్రోమెథజీన్ పడితే గందరగోళం ఇంకా పెరుగుతుంది. మన చీమకుర్తి ఆయనకి చెమట కారుతోంది కాబట్టి ఆ అనుమానం మొదట్లోనే పోయింది.

తెల్లవారి నాలుగున్నరకి సీటీ తీశాం, తలలో రక్తం లేదు. వాపు చర్మం కిందే. పొటాషియం, మెగ్నీషియం తక్కువున్నాయి, అవి ఎక్కించాం. రెండు రోజులు ఐసీయూలో లోరాజెపామ్ డోసు మెల్లగా తగ్గిస్తూ వచ్చాం. శుక్రవారం సాయంత్రం మళ్ళీ కాసేపు దుప్పటి ఏరాడు, ఆ రాత్రి నిద్రపోయాడు. శనివారం పొద్దున రౌండ్‌లో వారాలు వెనక్కి చెప్పమంటే ఆదివారం దాకా తడుముకోకుండా చెప్పాడు. పాముల సంగతి గుర్తుందా అంటే కొంచెం గుర్తుందన్నాడు, బావమరిది వైపు చూడలేకపోయాడు. అతనే మంచం మీద కూర్చుని, "ఏం కాలేదులే బావా" అని ఇడ్లీ పొట్లం విప్పాడు.

డిశ్చార్జ్ కాగితంలో థయమిన్ బిళ్ళలు, డీ-అడిక్షన్ ఓపీ తేదీ, మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలిమానస్ నంబర్ 14416 రాశాం. ఇంకో వాక్యం పెద్ద అక్షరాలతో రాశాం, భార్యకి చదివి వినిపించాం: "మద్యం ఒక్కసారిగా ఆపితే డెలీరియం వచ్చింది. తర్వాత ఎప్పుడు ఏ ఆసుపత్రిలో చేరినా, ఎముకల డాక్టర్ అయినా సరే, ఈ కాగితం ముందు చూపించాలి." ఆదివారం చెయ్యి కట్టించుకున్నప్పుడు ఇచ్చిన చీటీ ఆమె కొంగు ముడిలో ఉంది, తీసి చూపించింది. అందులో ఎముక గురించి, నొప్పి బిళ్ళల గురించి అన్నీ ఉన్నాయి. తాగుతాడా అని అక్కడ ఎవరూ అడగలేదట.